కేకు గిన్నెను వదలాలంటే

కేకు గిన్నెకు అంటుకోవడానికి ముఖ్యంగా కారణమయ్యేవి గుడ్డు, పంచదార. జారుగా పోసిన పిండి గిన్నె లోపలి సన్నటి గీతల్లోకి కూడా చేరుతుంది. ఒవెన్ వేడికి గుడ్డులోని మాంసకృత్తులు అక్కడే గట్టిపడి లోహాన్ని పట్టుకుంటాయి. అంచుల దగ్గర పంచదార పాకమై, చల్లారే కొద్దీ బిగుసుకుంటుంది. ఈ పట్టు పడకుండా పిండికీ లోహానికీ మధ్య ఏదో ఒక అడ్డుపొర ఉండాలి. అది కొవ్వు కావచ్చు, కొవ్వుమీద చల్లిన మైదా కావచ్చు, కాగితం కావచ్చు. ఏది నప్పుతుందో గిన్నె ఆకారాన్ని బట్టి తేలుతుంది.

లోఫ్ గిన్నె ఇటుక ఆకారంలో ఉంటుంది కాబట్టి దానికి కాగితమే మేలు. తొమ్మిది అంగుళాల పొడవు, అయిదు అంగుళాల వెడల్పు ఉన్న గిన్నెకు ఎనిమిది అంగుళాల వెడల్పు, పద్నాలుగు అంగుళాల పొడవు ఉన్న ఒక్క ముక్క చాలు. దాన్ని గిన్నెలో అడ్డంగా పరిస్తే అడుగునూ రెండు పొడవాటి గోడలనూ కప్పి, రెండువైపులా కొంచెం బయటికి వస్తుంది. ఆ కొసలు పట్టుకుని పైకి లాగితే కేకు మొత్తం లేచి వస్తుంది, బోర్లించే పనే ఉండదు. కాగితం కిందా, అది చేరని రెండు చిన్న గోడలకూ కాస్త వెన్న రాయాలి. కింద రాసిన వెన్న కాగితాన్ని కదలనివ్వదు, గోడలకు రాసినది అక్కడ కేకును అంటుకోనివ్వదు. అరటిపండు కేకు, ఖర్జూరం కేకు లాంటి తీపీ తడీ ఎక్కువున్నవాటికి ఈ పద్ధతిని మించింది లేదు. కాగితం కొనేటప్పుడు మాత్రం చూసుకోవాలి. బటర్ పేపర్ పేరుతో దొరికేవన్నీ ఒవెన్ వేడికి తట్టుకోవు. మైనం పూసిన కాగితమైతే ఆ మైనం కరిగి కేకుకు అంటుతుంది. బేకింగ్ కోసమేనని, ఎంత వేడికి తట్టుకుంటుందోనని పొట్లం మీద రాసి ఉన్న కాగితమే తీసుకోవాలి.

బంట్ గిన్నెకు కాగితం పనికిరాదు. 1950లో అమెరికాలోని మినియాపోలిస్ నగరంలో నార్డిక్ వేర్ సంస్థ తయారుచేసిన ఈ గిన్నెకు మధ్యలో గొట్టం, చుట్టూ లోతైన మడతలు ఉంటాయి. ఆ మడతల్లో కాగితం ఒదగదు, ఒదిగేలా నొక్కినా ముడతలు కేకు మీద అచ్చుపడతాయి. ఇక్కడ కొవ్వూ మైదా కలిసి పనిచేయాలి.

కొవ్వు ఎంపికలోనే సగం ఫలితం ఉంది. వెన్నలో దాదాపు అయిదోవంతు నీరూ పాల పదార్థాలే. ఆ పాల పదార్థాలే మాడి లోహానికి పట్టేస్తాయి. నెయ్యిలో ఆ ఇబ్బంది లేదు. అయితే కరిగిన నెయ్యిగానీ నూనెగానీ గోడల మీద నిలవక అడుగుకు జారిపోతుంది. అందుకే పేరుకున్న నెయ్యినో వనస్పతినో కుంచెతో ప్రతి మడతలోకీ పామాలి. మధ్య గొట్టాన్ని చాలామంది మరిచిపోతారు, కేకు ఎక్కువగా చిరిగేదీ అక్కడే. తర్వాత రెండు చెంచాల మైదా వేసి గిన్నెను తిప్పుతూ పోతే, కొవ్వు ఉన్నచోటల్లా తెల్లటి పొర పడుతుంది. ఎక్కడైనా లోహం మెరుస్తూ కనిపిస్తే అక్కడ కొవ్వు అందలేదన్నమాట, మళ్లీ రాయాలి. మిగిలిన మైదాను బోర్లించి దులిపేయాలి. లేకపోతే కేకు మీద తెల్లటి ముద్దలు మిగులుతాయి. చాక్లెట్ కేకుకు మైదా బదులు కోకో పొడి చల్లితే ఆ తెలుపు కనిపించదు.

రెండు పనులూ ఒకేసారి కావాలంటే మైదా, నూనె, వనస్పతి ఒక్కో పెద్ద చెంచా చొప్పున కలిపి గిలక్కొట్టి, ఆ ముద్దనే కుంచెతో పూయవచ్చు. ఇది గోడల మీద జారకుండా నిలుస్తుంది. ఏది పూసినా పిండి పోయబోయే ముందే పూయాలి, వెచ్చటి వంటింట్లో ముందుగా పూసి ఉంచితే కిందికి దిగిపోతుంది.

ఇంత చేసినా గిన్నెలోంచి తీసే సమయం తప్పితే ఫలితం ఉండదు. ఒవెన్‌లోంచి తీసిన వెంటనే కేకు మెత్తగా ఉండి విరుగుతుంది. మరీ ఆలస్యమైతే, సకాలంలో ముక్కలు కోయని మైసూర్‌పాక్‌లా అంచుల్లోని పంచదార గట్టిపడి పళ్లెం వదలదు. బంట్ కేకుకు పది నుంచి పదిహేను నిమిషాలు సరైన వ్యవధి. అప్పుడు గిన్నెను రెండువైపులా మెల్లగా కదిపితే కేకు గోడల నుంచి విడివడి కదులుతున్నట్టు తెలుస్తుంది. కదిలిందంటే పళ్లెం బోర్లా పెట్టి తిరగేయవచ్చు. కదలకపోతే చాకుతో పొడవకూడదు, మడతలు చెడతాయి. వేడినీళ్లలో ముంచి పిండిన గుడ్డను బోర్లించిన గిన్నె మీద కొద్ది నిమిషాలు కప్పితే పంచదార, కొవ్వు మెత్తబడి కేకు కిందికి దిగుతుంది. పూర్తిగా చల్లారిపోయిన కేకైతే గిన్నెను అయిదు నిమిషాలు వెచ్చటి ఒవెన్‌లో ఉంచి మళ్లీ కదిపి చూడాలి.