ఒక్క జబ్బేనా, రెండా?

ఒక రక్తపరీక్ష రిపోర్టు ఊహించుకుందాం. 45 ఏళ్ల మహిళ. నీరసం, మెట్లెక్కితే ఆయాసం, అరికాళ్లలో తిమ్మిర్లు. హిమోగ్లోబిన్ 8. ఎర్రకణాల సగటు సైజు చెప్పే ఎంసీవీ 88. అది 80కీ 100కీ మధ్య ఉంటే మామూలే. ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెర్రిటిన్ మాత్రం బాగా తక్కువ.

కారణం దొరికినట్టే కదా? ఐరన్ లోపం. తిమ్మిర్లు కూడా నీరసం వల్లేనని సరిపెట్టుకోవచ్చు. ఒకే కారణంతో అన్నీ తేలిపోతుంటే రెండోది వెతకొద్దని 14వ శతాబ్దపు ఇంగ్లిష్ సన్యాసి, తత్వవేత్త విలియం ఆఫ్ ఓకమ్ పేరు మీద ఒక సూత్రం ఉంది. వైద్య విద్యార్థులకు అది మొదట్లోనే నేర్పుతారు. అందులో బలం ఉంది. వెయ్యి మందిలో ఒకరికి వచ్చే జబ్బులు రెండు, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా, ఒకే మనిషికి వచ్చే అవకాశం పది లక్షల్లో ఒకటి. అందుకే ఒక యువతికి జ్వరం, కీళ్లనొప్పులు, ముఖం మీద ఎర్రమచ్చలు, మూత్రంలో ప్రొటీన్ కలిసి కనిపిస్తే డాక్టరు నాలుగు జబ్బులు కాకుండా ముందు లూపస్ ఒక్కదాన్నే అనుమానిస్తారు.

కానీ ఈ లెక్క అరుదైన జబ్బులకే. ఐరన్ లోపం, బీ12 లోపం మన దేశంలో చాలామందికి ఉన్నవే. పైగా ఒకే రకం తిండి, పోషకాలను సరిగా పీల్చుకోలేని ఒకే జీర్ణకోశం రెండింటికీ దారి తీయవచ్చు. అలాంటి చోట రెండూ కలిసి ఉండటం విడ్డూరం కాదు. అన్ని లక్షణాలనూ ఒక్క దెబ్బతో వివరించే అరుదైన మజ్జ జబ్బు కన్నా ఈ జంటకే అవకాశం ఎక్కువ.

మళ్లీ ఆ రిపోర్టు చూద్దాం. ఐరన్ తగ్గితే ఎర్రకణాలు చిన్నవవుతాయి. బీ12 తగ్గితే పెద్దవవుతాయి. రెండూ కలిస్తే సగటు మధ్యలో పడి, 88 అనే నిక్షేపమైన అంకె వస్తుంది. అసలు సంగతి పక్క వరుసలో ఉంటుంది. కణాల సైజుల్లో తేడా ఎంతో చెప్పే ఆర్‌డీడబ్ల్యూ సాధారణంగా 15 లోపు ఉండాల్సింది, ఇక్కడ 22. స్లైడును మైక్రోస్కోపు కింద పెడితే పాలిపోయిన చిన్న కణాల పక్కనే కోడిగుడ్డు ఆకారంలో పెద్ద కణాలు, అయిదారు తమ్మెలుగా విడిన కేంద్రకాలతో తెల్లకణాలు కనిపిస్తాయి. తమ్మెలు అలా పెరగడం బీ12 లేదా ఫోలిక్ యాసిడ్ లోపానికి గుర్తు.

ఫెర్రిటిన్ అబద్ధం చెప్పలేదు, ఐరన్ లోపం నిజంగానే ఉంది. ఆ నిజం దొరకడంతో వెతుకులాట ఆగిపోవడమే ప్రమాదం. ఐరన్ మాత్రలు మాత్రమే ఇస్తే హిమోగ్లోబిన్ కొంత పెరిగి ఆగిపోతుంది. చిన్న కణాలు తగ్గేకొద్దీ ఎంసీవీ 100 దాటవచ్చు. తిమ్మిర్లు అలాగే ఉంటాయి. బీ12 చూడకుండా ఫోలిక్ యాసిడ్ ఒక్కటే జోడిస్తే ఇంకా చేటు: రక్తం మెరుగుపడుతుంది, లోపల నరాలు దెబ్బతింటూనే ఉంటాయి. ఆలస్యమైతే ఆ నష్టం పూర్తిగా పూడకపోవచ్చు. అందుకే రక్తహీనతతో పాటు అరికాళ్లలో తిమ్మిర్లున్నవాళ్లకు, ఫెర్రిటిన్ ఎంత తక్కువ వచ్చినా సరే, బీ12 పరీక్ష కూడా చేయించాలి.