ఖర్చు కాని సీఎస్ఆర్ సొమ్ము ఎటు పోతుంది?

ఫిబ్రవరి నెలాఖరు వచ్చేసరికి పెద్ద కంపెనీల ఆర్థిక విభాగం నుంచి విభాగాధిపతులకు ఒక మెమో వెళ్తుంది. ఈ ఏడాది సామాజిక బాధ్యత కింద మీకు కేటాయించిన సొమ్ములో ఎంత ఖర్చయింది, ఎంత మిగిలింది, మిగిలినది వచ్చే ఏడాదికి ఎందుకు తీసుకెళ్లాలి, దానికి ఆధారం ఏమిటి? ఫలానా తేదీలోగా రాసి పంపండి. బయటివాళ్లకు ఇది కంపెనీ లోపలి కాగితం. కానీ ఫ్యాక్టరీ పక్క ఊళ్లోని బడికి తరగతి గదులు వస్తాయా, లేక వాటికి ఉద్దేశించిన డబ్బు ఢిల్లీలోని ఏదో నిధికి వెళ్లిపోతుందా అన్నది చాలాసార్లు ఈ కాగితం మీదే తేలుతుంది.

ప్రభుత్వ శాఖల్లో నిధుల సంగతి మనకు తెలుసు. చట్టసభ ఒక ఏడాదికి ఆమోదించిన సొమ్ము ఆ ఏడాదికే. మార్చి 31 లోపు వాడకపోతే మురిగిపోతుంది. వచ్చే ఏడాది కావాలంటే మళ్లీ బడ్జెట్‌లో పెట్టించుకోవాల్సిందే. కంపెనీల సీఎస్ఆర్ సొమ్ము అలా కాదు. అది మురిగిపోదు, కంపెనీ జేబులోకి తిరిగి వెళ్లడానికీ వీల్లేదు. కొన్ని షరతులకు లోబడి మూడేళ్ల దాకా నిలుస్తుంది, ఆ షరతులు తప్పితే ప్రభుత్వం చెప్పిన నిధికి పోతుంది.

మొదట్లో ఇంత కట్టుదిట్టం లేదు. కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ 2014 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. అంతకుముందు ఏడాదిలో నికర విలువ 500 కోట్లు గానీ, టర్నోవర్ 1000 కోట్లు గానీ, నికర లాభం 5 కోట్లు గానీ ఉన్న కంపెనీ, గడచిన మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సమాజం కోసం ఖర్చు చేయాలన్నది నియమం. చేయలేకపోతే ఎందుకు చేయలేదో బోర్డు నివేదికలో కారణం రాస్తే చాలు. మిగిలిన డబ్బు ఏమవ్వాలో చెప్పేవాళ్లు లేరు. 2021 జనవరి 22 నుంచి ఈ పద్ధతి మారింది. ఇప్పుడు కారణం రాయాలి, డబ్బూ కదిలించాలి. ఆ మెమోకు ఇంత ప్రాధాన్యం వచ్చింది అప్పటినుంచే.

ఒక లెక్క వేసి చూద్దాం. పల్నాడులో ఒక సిమెంటు కంపెనీ ఉందనుకుందాం. మూడేళ్ల సగటు లాభం 100 కోట్లు. కాబట్టి 2024-25లో అది ఖర్చు చేయాల్సింది 2 కోట్లు. మార్చి నాటికి పుస్తకాల్లో 1 కోటి 42 లక్షలు ఖర్చయినట్టు కనిపిస్తోంది. మిగిలిన 58 లక్షల్లో 50 లక్షలు ఊరి ఉన్నత పాఠశాలలో కొత్త గదుల కోసం ఉంచినవి. కాంట్రాక్టరుకు డిసెంబరులో వర్క్ ఆర్డర్ ఇచ్చారు, పునాదులు లేచాయి, పని ఇంకా సాగుతోంది. తక్కిన 8 లక్షలు కంటి వైద్య శిబిరాల కోసం. డాక్టర్లు కుదరక ఆ శిబిరాలు జరగనే లేదు.

చూడటానికి లెక్క తేలిపోయినట్టే ఉంది. కానీ ఆ 1 కోటి 42 లక్షల్లో 30 లక్షలు ఒక ట్రస్టుకు ఇచ్చినవి, చుట్టుపక్కల ఊళ్లలో మంచినీటి ప్లాంట్లు పెట్టడానికి. ట్రస్టు అప్పటికి వాడింది 18 లక్షలే. 12 లక్షలు దాని బ్యాంకు ఖాతాలో అలాగే ఉన్నాయి. చెక్కు ఇచ్చేశాం కాబట్టి మా లెక్కలో అది ఖర్చే అనుకుంటుంది సంబంధిత విభాగం. చట్టం అలా అనుకోదు. అమలు చేసే సంస్థ చేతికి డబ్బు అందినంత మాత్రాన ఖర్చు అయినట్టు కాదని, ఆ సంస్థ పని మీద వాడాకే అయినట్టని కంపెనీ వ్యవహారాల శాఖ 2021 ఆగస్టులో స్పష్టం చేసింది. అందువల్ల కంపెనీ నిజంగా ఖర్చు చేసింది 1 కోటి 30 లక్షలు. మిగులు 58 కాదు, 70 లక్షలు. మార్చి హడావిడిలో ఎక్కువగా దొర్లే తప్పు ఇదేనని నా అభిప్రాయం. ఇది బయటపడాలంటే ట్రస్టు నుంచి వినియోగ ధ్రువపత్రం ఒక్కటే తెప్పించుకుంటే చాలదు, మార్చి 31 నాటి బ్యాంకు స్టేట్‌మెంటు కూడా అడగాలి. రెండింటికీ పొంతన కుదరకపోతే ఎక్కడో డబ్బు ఆగిందని అర్థం.

ఇప్పుడు ఈ 70 లక్షల్లో ఏది వచ్చే ఏడాదికి వెళ్తుంది? దీనికి జవాబు ‘కొనసాగుతున్న ప్రాజెక్టు’ అనే ఒక్క అర్హతలో ఉంది. ఒకటికంటే ఎక్కువ ఏళ్లు పట్టే పని, మొదలైన ఏడాదిని వదిలేసి మరో మూడేళ్లలోపు పూర్తి కావలసిన పని అయితేనే దాన్ని అలా పిలుస్తారు. అసలు మొదట ఒక్క ఏడాదికే అనుకున్న పనిని కూడా తగిన కారణం చూపి బోర్డు పొడిగించవచ్చు. అయితే ఆ పని అప్పటికే మొదలై ఉండాలి. వర్క్ ఆర్డర్ ఇవ్వడమో, కాంట్రాక్టు అప్పగించడమో జరిగి ఉండాలి. కాగితం మీద ప్రతిపాదన ఉన్నంత మాత్రాన కొనసాగుతున్న పని అనిపించుకోదు. మెమోలో విభాగాధిపతులను వర్క్ ఆర్డర్ తేదీ, నకలు, పని ఎంతవరకు వచ్చింది, ఎప్పటికి పూర్తవుతుంది అని గుచ్చి గుచ్చి అడిగేది అందుకే. ఆ వివరాలు మార్చిలో జరిగే బోర్డు సమావేశానికి అందాలి. ఏప్రిల్‌లో కూర్చుని వెనకటి తేదీతో తీర్మానం రాసుకోవడం నిజాయితీ అనిపించుకోదు, ఆడిటరు ముందు నిలవదు కూడా.

మన సిమెంటు కంపెనీలో బడి గదులకు ఇబ్బంది లేదు. వర్క్ ఆర్డర్ ఉంది, పని నడుస్తోంది. నీటి ప్లాంట్లకు కూడా కాంట్రాక్టు ఇచ్చేశారు, రెండు ఊళ్లలో ఇంకా బిగించాలి. కాబట్టి బోర్డు కారణాలు రాసి వాటిని పొడిగించింది. ఈ రెండింటి సొమ్ము కలిపితే 62 లక్షలు. కంటి శిబిరాల 8 లక్షలకు మాత్రం చూపడానికి ఏమీ లేదు.

ఇక్కడినుంచి దారులు రెండు. ఆర్థిక సంవత్సరం ముగిసిన 30 రోజుల్లోగా, అంటే 2025 ఏప్రిల్ 30 లోగా, ఆ 62 లక్షలూ షెడ్యూల్డ్ బ్యాంకులో ఇందుకోసమే తెరిచిన ప్రత్యేక ఖాతాలో పడాలి. దీన్ని అన్‌స్పెంట్ సీఎస్ఆర్ ఖాతా అంటారు. ట్రస్టు దగ్గర ఆగిన 12 లక్షలు ట్రస్టు ఖాతాలోనే ఉంటే కుదరదు, అవీ ఇందులోకే రావాలి. ప్రాజెక్టుకో ఖాతా అక్కర్లేదు, కానీ ఏ ఏడాది మిగులు ఆ ఏడాది ఖాతాలోనే ఉండాలి. ఆ డబ్బును హామీగా పెట్టి అప్పు తెచ్చుకోవడం, వ్యాపార అవసరానికి కొన్నాళ్లు వాడుకోవడం కుదరవు.

కంటి శిబిరాల 8 లక్షలకు గడువు కాస్త ఎక్కువ, ఆరు నెలలు. 2025 సెప్టెంబరు 30 లోగా చట్టం ఏడో షెడ్యూలులో చెప్పిన నిధికి పంపాలి. ప్రధానమంత్రి జాతీయ సహాయ నిధి, పీఎం కేర్స్, స్వచ్ఛ భారత్ కోశ్, క్లీన్ గంగా నిధి వంటివి అందులో ఉన్నాయి. ముఖ్యమంత్రి సహాయ నిధికి ఇస్తే సరిపోతుందని మన రాష్ట్రాల్లో చాలామంది అనుకుంటారు. అది ఆ షెడ్యూలులో లేదు. దానికి ఇచ్చిన విరాళం సీఎస్ఆర్ ఖర్చు కిందికి రాదని కేంద్రం 2020 ఏప్రిల్‌లోనే తేల్చిచెప్పింది. చట్టమేమో కంపెనీ పనిచేసే పరిసరాలకు ప్రాధాన్యం ఇవ్వమంటుంది. ఒక శిబిరానికి జనవరిలో ఒప్పందం రాసుకోకపోవడం వల్ల పల్నాడు పల్లెలో శుక్లాలతో చూపు మసకబారిన ముసలివాళ్లకు అందాల్సిన డబ్బు ఆ ఊరు దాటిపోతుంది. నాకు బాధ కలిగించేది ఇదే.

ప్రత్యేక ఖాతాలో చేరిన 62 లక్షలకు మూడు ఆర్థిక సంవత్సరాల సమయం ఉంటుంది. 2025-26, 2026-27, 2027-28. అంటే 2028 మార్చి 31 లోగా ఖర్చు కావాలి. అప్పటికీ మిగిలితే తర్వాతి 30 రోజుల్లో, 2028 ఏప్రిల్ 30 లోగా, అదీ ఏడో షెడ్యూలు నిధికే. ఇందులో ఒక మెలిక ఉంది. ఖాతా గడువు వేరు, ప్రాజెక్టు గడువు వేరు. బడి గదుల పని 2023-24లో మొదలై ఉంటే, ఆ ఏడాదిని వదిలేసి మూడేళ్లు, అంటే 2027 మార్చికల్లా అది పూర్తి కావాలి. డబ్బు ఆలస్యంగా ఖాతాలో పడినంత మాత్రాన పాత పనికి కొత్త ఆయుష్షు రాదు. మెమోలో ప్రతి పనికీ మొదలైన తేదీ అడగడం వెనక ఈ కారణం కూడా ఉంది.

విభాగాధిపతులు పొరబడే మరో చోటు వచ్చే ఏడాది లెక్క. 2025-26లో ఈ 62 లక్షలు ఖర్చు పెడితే అది పాత బాకీ తీర్చడమే. ఆ ఏడాదికి కొత్తగా రావలసిన 2 శాతంలో దీన్ని చూపడానికి వీల్లేదు. అవసరానికి మించి ఖర్చు చేస్తే మాత్రం పరిస్థితి వేరు. 2 కోట్లకు బదులు 2 కోట్ల 10 లక్షలు పెట్టిన కంపెనీ, ఆ అదనపు 10 లక్షలను బోర్డు తీర్మానంతో తర్వాతి మూడేళ్లలో మినహాయించుకోవచ్చు.

గడువు తప్పితే కంపెనీ మీద పడే జరిమానా, కదిలించాల్సిన సొమ్ముకు రెండింతలు లేదా 1 కోటి, ఏది తక్కువైతే అది. బాధ్యులైన ఒక్కో అధికారికి పదో వంతు లేదా 2 లక్షలు, ఏది తక్కువైతే అది. 62 లక్షలు ఖాతాలో వేయకపోతే రెండింతలు 1 కోటి 24 లక్షలు అవుతాయి కాబట్టి జరిమానా 1 కోటి, అధికారికి 2 లక్షలు. 8 లక్షలు నిధికి పంపకపోతే కంపెనీకి 16 లక్షలు, అధికారికి 80 వేలు. బడి గదులకు సరిపోయే డబ్బుకు రెట్టింపు, కేవలం ఒక తేదీ దాటినందుకు పోతుంది.

ఊరివాళ్ల చేతిలో కూడా ఒక ఆధారం ఉంది. కంపెనీ ఏటా వెలువరించే వార్షిక నివేదికలో బోర్డు నివేదికకు జతగా సీఎస్ఆర్ అనుబంధం ఉంటుంది. అందులో ఎంత ఖర్చు చేయాలి, ఎంత చేశారు, ప్రత్యేక ఖాతాకు ఎంత పంపారు, ఏ తేదీన పంపారు, ఏ నిధికి ఎంత వెళ్లింది, గత మూడేళ్ల మిగులు ఎంత అన్నవి పట్టికలుగా ఇవ్వాలి. వెబ్‌సైటు ఉన్న కంపెనీ బోర్డు ఆమోదించిన ప్రాజెక్టుల వివరాలు అందులో పెట్టాలి. గదులు సగంలో ఆగిన బడి ప్రధానోపాధ్యాయుడో, సర్పంచో ఆ పట్టికలో తమ పని పేరుందో లేదో చూసుకోవచ్చు. ఉంటే డబ్బు ఖాతాలో భద్రంగా ఉందన్నమాట, మిగిలిన గడువు చూపించి పని నడిపించమని కంపెనీని అడగవచ్చు. లేకపోతే, సెప్టెంబరు 30 దాటకముందే అడగాలి.