జహీరాబాద్ సభలో మా మృదంగం గురువుగారికి

(గురువుగారి సన్మాన సభలో నేను మాట్లాడిన మాటలివి. చలి ప్రాంతాల్లో మృదంగం నేర్చుకుంటున్న పిల్లల కోసం పంపుతున్నాను.)



వేలు చర్మం మీద పడకముందే గురువుగారు నాకు రవ్వ కలపడం నేర్పారు. మృదంగం ఎడమవైపును తొప్పి అంటాం. దాని నడుమ తడిపిన బొంబాయి రవ్వ ముద్ద అద్దాలి. చపాతీ పిండికన్నా కాస్త మెత్తగా ఉండాలి. ముద్ద తక్కువైతే తొప్పి బోలుగా, పైస్థాయిలో మోగుతుంది. ఎక్కువైతే నాదం మూగబోతుంది. సరిగ్గా పడితే కుడివైపు పలికే షడ్జమే కింది స్థాయిలో తొప్పి మీద వినిపిస్తుంది. ఆయన ముద్దలోంచి చిటికెడు తీసి, "ఇప్పుడు వినరా" అనేవారు. ఆ చిటికెడుతో స్వరం ఎంత పైకి జరిగిందో చెప్పగలిగేదాకా పాఠం ముందుకు సాగేది కాదు.

మా జహీరాబాద్ ఎండాకాలం ఆయనకు తోడుగా పాఠం చెప్పేది. వడగాలికి ముద్ద ఆరిపోతుంది, బరువు తగ్గుతుంది, స్వరం పైకెక్కుతుంది. తడిచేత్తో నిమిరితే మళ్లీ దిగుతుంది. వాయించడం అయ్యాక ముద్ద గీకి తీసేయకపోతే చర్మం పాడవుతుంది. ఆ పని పూర్తయ్యేదాకా ఎవరినీ ఇంటికి పంపేవారు కాదు.

కుడివైపు సంగతి వేరు. అక్కడ నల్లగా కనిపించేది కరణ. రాతిపొడిని అన్నంతో నూరి, పలుచని పొరలుగా అద్ది, ప్రతి పొరనూ రుద్ది ఆరబెడతారు. మామూలు డోలు చర్మం మీద కొడితే పుట్టే పైస్వరాలు ఒకదానితో ఒకటి కలవవు. మృదంగంలో అవి ఎందుకు కలుస్తాయో సి.వి. రామన్ పరిశోధించి 1920లో, తిరిగి 1934లో రాశారు. నడుమ ఉన్న ఆ బరువు వల్ల మొదటి అయిదు స్వరాలూ 1, 2, 3, 4, 5 నిష్పత్తిలో వస్తాయని చూపారు. అందుకే మన మృదంగం గాయకుడి శ్రుతిలో కలుస్తుంది.

గురువుగారు రామన్ పేరు ఎత్తిన గుర్తు లేదు. మా చేత అంచు చుట్టూ ఒక్కోచోట "నం" పలికించేవారు. ఎక్కడ స్వరం దిగిందో అక్కడ అంచును రాయితో పైనుంచి కొడితే చర్మం బిగుస్తుంది. స్వరం ఎక్కువైన చోట కిందినుంచి పైకి కొడితే వదులవుతుంది. ఒకచోట సరిచేశాక ఎదురుగా ఉన్నచోటు మళ్లీ వినాలి, ఎందుకంటే ఒకవైపు బిగిస్తే రెండోవైపూ కదులుతుంది. తొందరపడి ఒకేచోట గట్టిగా కొట్టేవాడి చేతిలోంచి రాయి తీసేసుకునేవారు.

గురువుగారూ, ఇప్పటికీ ఏ కచేరీలో కూర్చున్నా ముందు తొప్పి వింటాను. ఆ చెవి మీరిచ్చినది.

పిల్లలూ, ఈ చివరి మాట మీకు. చలికాలంలో మీ ఇళ్లలో హీటర్ నడిచినంతసేపూ గాలి పొడిగా ఉంటుంది, ముద్ద తొందరగా ఆరిపోతుంది. వాయిస్తూ మధ్యలో ఆగి తొప్పి వినండి. రవ్వ అమ్మానాన్నల చేత కలిపించుకోకండి, మీ చేత్తోనే కలపండి.