సమ్-80: పేరు తీసేసి అంకె ఇచ్చినప్పుడు

2024లో వచ్చిన 'కల్కి 2898 ఏడీ' సినిమాలో, కాంప్లెక్స్‌లో బందీగా ఉన్న గర్భిణిని 'సమ్-80' అని పిలుస్తారు. ఆ పేరులో ఊరు లేదు, తల్లిదండ్రులు లేరు. గర్భం నుంచి సీరం తీసేవాళ్లకు అంకె చాలు.

మార్గరెట్ అట్‌వుడ్ 1985 నవల 'ది హ్యాండ్‌మెయిడ్స్ టేల్'లో 'ఆఫ్రెడ్' అంటే ఫ్రెడ్‌కు చెందిన మనిషి. ఇల్లు మారితే పేరూ మారుతుంది. అక్కడ యజమాని ఒక మగవాడు, కాబట్టి పేరులో అతడుంటాడు. కాంప్లెక్స్‌లో పేరులో యజమాని కనిపించడు. ఆ అంకె ఎవరినీ చూపించదు. మాకు ఈ రెండోదే ఎక్కువ భయం, తిట్టడానికి కూడా ఆ పేరులో మనిషి దొరకడు కదా!

బయటివాళ్లు లోపలికి వెళ్లాలంటే పది లక్షల 'యూనిట్లు' కావాలి. గోడ ఎందుకుందని అడగాల్సినవాడు యూనిట్లు లెక్కపెట్టుకుంటాడు.

ఖాజాగూడ వైపు గేటెడ్ కమ్యూనిటీల్లో ఇంటి పనికొచ్చే అక్కలను యాప్‌లో 'డైలీ హెల్ప్'గా నమోదు చేసి, అంకెల కోడ్ ఇవ్వడం మామూలే. ఊళ్లో కులంతో కలిపి పిలిచేవారు. ఇక్కడ గేటు దగ్గర కోడ్ అడుగుతారు.