రొయ్యల చెరువులో లాభం ఎక్కడికి పోతుంది?

వనామి రొయ్య పెంపకానికి 2009లో కేంద్రం అనుమతి ఇచ్చాక కోస్తాలో ఎన్నో వరిచేలు చెరువులయ్యాయి. ఈ వ్యాపారంలో వేలమంది రైతులున్నారు, అందరి సరుకూ ఒకటే. కౌంట్‌ను బట్టి ధర బయట నిర్ణయమవుతుంది. ఏ ఒక్క రైతూ దాన్ని మార్చలేడు. ఇలాంటి పోటీలో దీర్ఘకాలంలో లాభం సున్నాకు చేరుతుందని ఆర్థికశాస్త్రం చెబుతుంది. మరి రైతు మళ్లీ మళ్లీ సీడ్ ఎందుకు వదులుతాడు?

సొంత భూమి అయిదెకరాలున్న రైతును ఊహించుకుందాం. ఏడాదికి రొయ్యలు అమ్మితే 50 లక్షలు వచ్చాయి. సీడ్, మేత, కరెంటు, డీజిల్, కూలీలకు 37 లక్షలు పోగా 13 లక్షలు మిగిలాయి. ఇంటి లెక్కలో ఇదంతా లాభమే. ఆర్థికవేత్త మాత్రం ఆ చెరువులు కౌలుకిస్తే ఎంత వచ్చేదని అడుగుతాడు. ఎకరాకు లక్ష చొప్పున 5 లక్షలు. పెట్టిన సొంత డబ్బు 25 లక్షలు బ్యాంకులో ఉంటే 8 శాతం వడ్డీకి 2 లక్షలు. ఆయన మరొకరి చెరువులు చూసుకుంటే నెలకు 50 వేల జీతం, అంటే 6 లక్షలు. మొత్తం 13 లక్షలు. ఆర్థిక లాభం సున్నా. ఆయన భూమికి, డబ్బుకు, శ్రమకు రావలసినది పూర్తిగా వచ్చింది. మానేసి మరో దారి పట్టినా ఇంతకు మించి రాదు. అందుకే మానడు.

ధర పెరిగి 18 లక్షలు మిగిలాయనుకోండి. పైన వచ్చిన ఆ 5 లక్షలే అసలు లాభం. అది చూసి కొత్తవాళ్లు దిగుతారు. సరుకు పెరిగితే ధర తగ్గుతుంది. కానీ రొయ్య అమ్ముడయ్యేది ప్రపంచ మార్కెట్లో. మన జిల్లాలో చెరువులు పెరిగినంత మాత్రాన అక్కడి ధర పెద్దగా కదలకపోవచ్చు. అప్పుడు మార్పు కనిపించేది కౌలులో. నీటి వసతి ఉన్న భూమి కొద్దిగానే ఉంది, కావాలనేవాళ్లు ఎక్కువ. కౌలు ఎకరాకు రెండు లక్షలయ్యేదాకా పాట సాగుతుంది. ఇప్పుడు లెక్క 10, 2, 6, మొత్తం 18. లాభం మళ్లీ సున్నా. ఆ 5 లక్షలూ భూమి ఉన్నవారికి చేరాయి. మన రైతుకు చేతిలో డబ్బు పెరిగింది, కానీ అది భూస్వామిగా వచ్చినదే తప్ప సాగుదారుగా వచ్చినది కాదు.

ధర పడితే కథ తిరగబడుతుంది. సగం పెరిగిన పంటను ఎవరూ వదిలేయరు. సీడ్ ఖర్చు, తవ్వకం ఖర్చు ఎలాగూ వెనక్కి రావు. ఇకపై పెట్టే మేత, కరెంటు ఖర్చు వస్తే చాలు, కొనసాగిస్తారు. పంట చేతికొచ్చాకే కొందరు విరామం ప్రకటిస్తారు, కొందరు చెరువు వదులుకుంటారు. అలా తప్పుకునేవాళ్లు పెరిగితే కౌలు దిగుతుంది, మిగిలినవారి లెక్క మళ్లీ సరిపోతుంది.

ఈ సర్దుబాటుకు ఏళ్లు పడుతుంది, దాని భారం అందరిమీదా సమానంగా పడదు. ధర బాగున్నప్పుడు రెండు మూడేళ్లకు హెచ్చు కౌలు ఒప్పుకున్న రైతు, ధర పడ్డాక కూడా పాత కౌలే కట్టాలి. చెరువు యజమాని ఆదాయం ఒప్పందం ముగిసేదాకా తగ్గదు.