తాతయ్య కానుక, అమ్మకు పన్ను

తెనాలిలో ఉండే ఒక రిటైర్డ్ టీచరు అరెకరం పొలం అమ్మగా వచ్చిన డబ్బులోంచి 6 లక్షల రూపాయలు పన్నెండేళ్ల మనవడి పేరున బ్యాంకులో ఫిక్సెడ్ డిపాజిట్ చేద్దామనుకున్నారు. వడ్డీ 7 శాతం. అంటే ఏడాదికి 42,000. పిల్లవాడికి వేరే సంపాదన లేదు కాబట్టి పన్ను బాధ ఉండదని ఆయన లెక్క. చాలామంది ఇళ్లలో లెక్క ఇలాగే ఉంటుంది, చాలా ఇళ్లలో ఇది తప్పుతుంది కూడా.

కానుక వరకు ఆయన లెక్క సరైనదే. తాతయ్య, నానమ్మ, అమ్మమ్మల నుంచి వచ్చే డబ్బు ఎంతైనా ఆదాయపు పన్ను చట్టం దృష్టిలో దగ్గరి బంధువుల కానుకే. దానిమీద ఇచ్చినవారికీ పన్ను లేదు, పుచ్చుకున్నవారికీ లేదు. మెలిక ఆ డబ్బు సంపాదించే వడ్డీ దగ్గర ఉంది. మైనర్ పిల్లల పేరున వచ్చే ఆదాయాన్ని తల్లిదండ్రుల్లో ఎవరి ఆదాయం ఎక్కువో వారి ఆదాయంలో కలపాలి. దీన్నే ఆడిటర్లు క్లబ్బింగ్ అంటారు. డబ్బు తాతయ్య ఇచ్చినా, మేనమామ ఇచ్చినా, పుట్టినరోజుకు వచ్చిన కవర్లలోంచి పోగైనా ఇదే నియమం. తల్లిదండ్రులు విడిపోయి ఉంటే, ఆ ఏడాది బిడ్డను పోషించినవారి ఆదాయంలో కలుస్తుంది.

మన మనవడి తల్లి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, జీతం ఏడాదికి 26 లక్షలు. తండ్రికి చిన్న వ్యాపారం, ఆదాయం అందులో సగం కూడా ఉండదు. కాబట్టి ఆ 42,000 తల్లి లెక్కలో చేరుతుంది. 2025-26 కొత్త పన్ను విధానంలో 24 లక్షలు దాటిన ఆదాయం మీద 30 శాతం పన్ను, దానిమీద 4 శాతం సెస్సు. మొత్తం 13,104 రూపాయలు. తాతయ్య ఇచ్చిన డబ్బు మీద 7 శాతం వస్తోందని ఇంట్లో అనుకుంటారు గానీ, చేతిలో మిగిలేది 5 శాతానికి కూడా తక్కువే. పాత విధానంలో ఉంటే ఒక్కో బిడ్డకు ఏడాదికి 1,500 రూపాయల మినహాయింపు ఉండేది. కొత్త విధానంలో అదీ లేదు.

బ్యాంకు టీడీఎస్ కోయలేదు కదా, ఇంకేం పన్ను అనుకోవడం మామూలే. ఏడాది వడ్డీ 50,000 దాటితేనే బ్యాంకు కోస్తుంది, ఇక్కడ దాటలేదు. కోయకపోయినంత మాత్రాన ఆదాయం లెక్కలోంచి పోదు, తల్లి తన రిటర్నులో తనంతట తాను చూపాలి. ఇంకో పొరపాటు క్యుములేటివ్ డిపాజిట్ గురించి. వడ్డీ అంతా చివర్లో ఒకేసారి చేతికొస్తుంది, అప్పటికి బాబుకు పద్దెనిమిది నిండుతాయి కాబట్టి పన్ను వాడి లెక్కలోకి పోతుందని కొందరు ఆశపడతారు. కానీ అలాంటి డిపాజిట్లో కూడా ఏ ఏడాది వడ్డీ ఆ ఏడాది ఆదాయమే.

ఇదే డిపాజిట్ తాతయ్య పేరునే ఉంటే? ఆయనకు పెన్షను కొద్దిగా ఉంది, దాంట్లో ఈ వడ్డీ కలిపినా పన్ను పడదు. పైగా సీనియర్ సిటిజన్లకు చాలా బ్యాంకులు అర శాతం దాకా ఎక్కువ వడ్డీ ఇస్తాయి. మనవడిని నామినీగా పెట్టుకోవచ్చు. కానీ నామినీ అంటే బ్యాంకు నుంచి డబ్బు అందుకునే మనిషే తప్ప హక్కుదారు కాదు. ఆయన తదనంతరం మిగతా పిల్లలు, వారి పిల్లలు వాటా అడిగితే నామినీ కాగితం నిలబడదు. అందుకు వీలునామా రాసి ఉంచాలి.

నా ఉద్దేశంలో పన్ను కంటే ముందు ఆలోచించవలసింది ఆ డబ్బు ఎవరిదన్నది. మనవడి ఖాతాలో పడిన రోజే అది మనవడి సొత్తు. గార్డియన్‌గా సంతకం పెట్టే తండ్రి దాన్ని కాపాడే మనిషి మాత్రమే. బిడ్డ చదువుకో వైద్యానికో వాడవచ్చు గానీ, తన దుకాణం అప్పు తీర్చడానికి వాడకూడదు. రేపు తాతయ్యకు గుండె ఆపరేషన్ అవసరమైనా, నా డబ్బు నాకివ్వండని అడిగే హక్కు ఆయనకు ఉండదు. ఇచ్చేసిన కానుకను మనసు మారిందని వెనక్కి తీసుకోవడం కుదరదు. డెబ్భై దాటినవారు చేతిలో ఉన్నదంతా మనవల పేరున రాసేయడం నాకు నచ్చనిది అందుకే.

వైద్యానికి వేరే డబ్బు ఉంది, ఇది నిజంగా ఇచ్చేయదలచుకున్నదే అయితే, ఏటా వడ్డీ రాని చోట పెట్టడం మేలు. మ్యూచువల్ ఫండ్ గ్రోత్ పథకంలో యూనిట్లు అమ్మేదాకా పన్ను ప్రసక్తి రాదు. అయితే షేర్ల మీద ఆధారపడిన ఫండ్ పడిపోవచ్చు కూడా. ఆరేళ్ల వ్యవధి దానికి మరీ ఎక్కువేమీ కాదు. మైనర్ ఖాతాకు తాతయ్య గార్డియన్‌గా ఉండలేరు. తల్లో తండ్రో ఉండాలి, లేదా కోర్టు నియమించినవారు. ఆయన డబ్బును ముందు మనవడి బ్యాంకు ఖాతాకు పంపి, ఇది కానుక అని ఒక తెల్ల కాగితం మీద రాసి సంతకం చేసి ఇస్తే, అక్కడి నుంచి ఫండ్‌లోకి వెళుతుంది. ఖాతాలో పేరు బాబుది ఒక్కటే, జాయింటు ఉండదు. అమ్మితే వచ్చే డబ్బు కూడా బాబు ఖాతాకే చేరాలి.

అసలు తేడా పద్దెనిమిదో పుట్టినరోజు దగ్గర వస్తుంది. ఆరేళ్లలో 6 లక్షలు 11 లక్షలైందనుకుందాం. లాభం 5 లక్షలు. పుట్టినరోజుకు ముందే అమ్మితే ఆ లాభం తల్లిది. ఈక్విటీ ఫండ్ దీర్ఘకాలిక లాభంలో 1.25 లక్షలు పోగా మిగిలిన 3.75 లక్షల మీద 12.5 శాతం, సెస్సుతో కలిపి 48,750 రూపాయలు. ఆమెకు సొంత ఫండ్ల లాభం కూడా ఉంటే ఆ 1.25 లక్షల మినహాయింపు ఎప్పుడో అయిపోయి ఉంటుంది. పద్దెనిమిది నిండాక అమ్మితే లాభం అబ్బాయిది. 1.25 లక్షలు పోగా మిగిలిన 3.75 లక్షలు కొత్త విధానంలోని 4 లక్షల కనీస పరిమితిలోనే ఇమిడిపోతాయి. వేరే ఆదాయం లేని, భారత్‌లో నివసించే విద్యార్థికి ఇవే నిబంధనలు ఉన్నంతకాలం పన్ను సున్నా. చదువుకు అమెరికా వెళ్లి ప్రవాసిగా మారాక అమ్మితే మాత్రం ఆ 4 లక్షల సర్దుబాటు దొరకదు. సియాటిల్ విమానం ఎక్కాక ఆలోచించవలసిన విషయం కాదిది.

ఆ పుట్టినరోజు నుంచి గార్డియన్ సంతకం చెల్లదు. పాన్, కేవైసీ, మేజర్‌గా మార్చిన బ్యాంకు ఖాతా, బ్యాంకు ధ్రువీకరించిన సంతకం ఇచ్చేదాకా ఫండ్ ఖాతాలో లావాదేవీలు ఆగిపోతాయి, సిప్ కూడా ఆగుతుంది. కాలేజీ ఫీజు గడువు అదే నెలలో ఉంటే ఇబ్బందే. పాన్ ముందే తీసుకోవడం ఒక్కటే దీనికి ఉపాయం. అన్నీ సరిచేశాక డబ్బుతో ఏం చేయాలన్నది అబ్బాయి ఇష్టం. బైకు కొంటానన్నా ఎవరూ ఆపలేరు.

మనవరాలైతే, పదేళ్లలోపు ఉంటే, సుకన్య సమృద్ధి ఉంది. ఏడాదికి 1.5 లక్షల దాకా కట్టవచ్చు, వడ్డీకి పన్నే లేదు కాబట్టి క్లబ్బింగ్ గొడవ రాదు. కానీ ఖాతా తెరవాల్సింది తల్లో తండ్రో. గతంలో తాతయ్యలు, అమ్మమ్మలు తెరిచిన ఖాతాలను తల్లిదండ్రుల గార్డియన్‌షిప్‌లోకి మార్చాలని 2024లో కేంద్ర ఆర్థిక శాఖ ఆదేశించింది. పోస్టాఫీసులో పాస్‌బుక్ మీద ఇంకా తాతయ్య పేరే ఉంటే, పాప జనన ధ్రువపత్రం, తల్లిదండ్రుల గుర్తింపు కార్డులు తీసుకెళ్లి మార్పించుకోవాలి.