పెన్‌డ్రైవ్ లాగే ముందు ఎజెక్ట్ ఎందుకు?

కాపీ పూర్తయిందని తెర చెప్పినా, ఫైలులో కొంత భాగం ఇంకా కంప్యూటర్ మెమరీలోనే ఉండవచ్చు. వేగం కోసం సిస్టమ్ రాతపనిని కాసేపు వాయిదా వేస్తుంది. ఎజెక్ట్ నొక్కితే మిగిలింది రాసేస్తుంది.

FAT32 పెన్‌డ్రైవ్‌లో ఒక ఫొటో చేరాలంటే మూడు చోట్ల రాయాలి: ఫొటో డేటా, అది ఏయే గడుల్లో ఉందో చెప్పే పట్టిక, పేరూ సైజూ ఉండే ఫోల్డర్ జాబితా. పేరు నమోదై, పట్టిక మారకముందే లాగేస్తే ఫొటో కనిపిస్తుంది గానీ తెరుచుకోదు.

NTFS, ext4 చేయబోయే మార్పులను ముందుగా జర్నల్ అనే చిట్టాలో రాసుకుంటాయి. మళ్లీ తగిలించినప్పుడు, పూర్తిగా నమోదైన మార్పులను అమలు చేసి, అసంపూర్తి వాటిని వదిలేస్తాయి. అయితే మామూలుగా చిట్టాకెక్కేవి పట్టికలు, జాబితాల మార్పులే. అందుకే డ్రైవ్ నిర్మాణం నిలిచినా, మెమరీలో మిగిలిపోయిన ఫొటో మాత్రం దక్కదు.